రెజ్యూమె: డాక్టర్ పి. సుజాత, ఎంబీబీఎస్, ఎండీ (అనస్థీషియా)

దరఖాస్తు చేస్తున్న పోస్టు: కన్సల్టెంట్ అనస్థటిస్ట్ (ప్రసూతి థియేటర్, ఐసీయూ బాధ్యతలతో)
ఫోన్, ఈమెయిల్, చిరునామా దరఖాస్తు ఫారంలో ఇచ్చాను.

రిజిస్ట్రేషన్
స్టేట్ మెడికల్ కౌన్సిల్‌లో ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్ 2016లో, ఎండీ అదనపు అర్హతగా 2020లో నమోదయ్యాయి. రెన్యువల్ బకాయి లేదు. నాపై కౌన్సిల్ విచారణ గానీ, వైద్య నిర్లక్ష్యం కేసు గానీ లేదు. సర్టిఫికెట్ల ప్రతులు జతచేశాను. ఏసీఎల్‌ఎస్ సర్టిఫికెట్‌కు రెండేళ్లే గడువు కాబట్టి పోయిన ఏడాది మళ్లీ చేశాను.

చదువు
ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి 2016లో పూర్తి. ఎండీ అనస్థీషియా 2017–2020. రెండూ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనే.

పనిచేసిన చోట్లు

కన్సల్టెంట్, 2024 నుంచి ఇప్పటిదాకా. ప్రసూతి కేసులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రి. ఎమర్జెన్సీ సిజేరియన్లకు రాత్రి డ్యూటీలో మత్తు డాక్టర్‌ని నేనొక్కదాన్నే. ప్లాసెంటా అక్రీటా, తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, ప్రసవానంతర రక్తస్రావం కేసులు చూస్తున్నాను. మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ ప్రోటోకాల్‌ను బ్లడ్ బ్యాంకుతో కూర్చుని రాసిన బృందంలో ఉన్నాను.

సీనియర్ రెసిడెంట్, 2020–2023. చేరడమే కోవిడ్ ఐసీయూలో. హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్నవారిని ఎప్పుడు ఇంట్యుబేట్ చేయాలి, ఎవరిని ఇంకాసేపు ఆగి చూడాలి అన్న నిర్ణయం అక్కడ గంట గంటకూ తీసుకోవాల్సి వచ్చేది. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌ని బోర్లా తిప్పేటప్పుడు ట్యూబ్ పట్టుకునేదీ, లెక్క చెప్పేదీ తలవైపు నిలబడ్డ నేనే. ఆ తర్వాత న్యూరోసర్జరీ, పీడియాట్రిక్ సర్జరీ, ట్రామా థియేటర్లలో రొటేషన్.

మెడికల్ ఆఫీసర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 2016–2017. ఎండీ సీటు వచ్చేదాకా చేశాను.

2023 చివర నుంచి 2024 మొదటి నెలల దాకా కనిపించే ఖాళీ ప్రసూతి సెలవు.

ప్రొసీజర్లు
అంకెలు నా లాగ్‌బుక్ నుంచి తీసినవి. ఇంటర్వ్యూకి లాగ్‌బుక్ తెస్తాను.

ఎవరి సాయం లేకుండా చేసేవి: స్పైనల్, జనరల్ అనస్థీషియా (ఈ రెండింటికీ లెక్క అనవసరం), నొప్పిలేని ప్రసవానికి ఎపిడ్యూరల్ 140కి పైగా, అల్ట్రాసౌండ్ చూస్తూ సెంట్రల్ లైన్ 200కి పైగా, ఆర్టీరియల్ లైన్, ట్యాప్ బ్లాక్, భుజం, చేతి ఆపరేషన్లకు బ్రేకియల్ ప్లెక్సస్ బ్లాకులు.

కష్టమైన ఎయిర్‌వే గురించి కొంచెం చెప్పాలి, ఈ పోస్టుకు అది ముఖ్యం. మెలకువగా ఉండగానే ఫైబర్ ఆప్టిక్‌తో ట్యూబ్ వేసినవి 30కి పైగా. వాటిలో లడ్‌విగ్స్ యాంజైనా కేసులున్నాయి: నోరు ఒక వేలు మందం కూడా తెరుచుకోదు, పడుకోబెడితే ఊపిరాడదు. గ్లైకోపైరోలేట్ ఇచ్చి, లిగ్నోకెయిన్‌తో ముక్కు, గొంతు మొద్దుబార్చి, కూర్చున్న భంగిమలోనే ముక్కు ద్వారా వేశాను. ట్రెకియాస్టమీకి ఈఎన్‌టీ సర్జన్ గ్లోవ్స్ వేసుకుని పక్కనే నిలబడాలని ప్రతిసారీ పట్టుబడతాను. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు, అయినా ఆ నియమం మార్చుకోను.

సీనియర్ పర్యవేక్షణలో మాత్రమే చేసినవి: పర్‌క్యుటేనియస్ ట్రెకియాస్టమీ, నవజాత శిశువుల మేజర్ కేసులు, ట్రాన్స్‌ఈసోఫేజియల్ ఎకో. గుండె బైపాస్ కేసులు రెసిడెన్సీలో చూశానే తప్ప స్వయంగా చేయలేదు. మీ ఆసుపత్రిలో ఆ పని కూడా ఉంటే ముందుగా శిక్షణ కావాలి.

పరిశోధన
ఎండీ థీసిస్: సిజేరియన్‌లో స్పైనల్ తర్వాత బీపీ పడిపోకుండా ఫినైల్‌ఎఫ్రిన్, నార్‌అడ్రినలిన్ ఇన్‌ఫ్యూజన్ల పోలిక. ఎథిక్స్ కమిటీ అనుమతితో చేసిన డబుల్ బ్లైండ్ ర్యాండమైజ్డ్ ట్రయల్. బీపీని రెండు మందులూ ఇంచుమించు ఒకేలా నిలబెట్టాయి. నార్‌అడ్రినలిన్ గ్రూపులో తల్లి గుండె వేగం పడిపోవడం తక్కువ. పుట్టిన బిడ్డల ఆప్గార్ స్కోర్లలో తేడా కనిపించలేదు, అయితే ఆ తేడా తేల్చడానికి మా శాంపిల్ చిన్నది. రాష్ట్రస్థాయి సదస్సులో పేపర్ చదివాను. జర్నల్‌కు పంపిన వ్యాసం ఇంకా రివ్యూలో ఉంది కాబట్టి ప్రచురణగా చూపడం లేదు.

ఐసీయూ ఆడిట్: సెంట్రల్ లైన్ ఇన్‌ఫెక్షన్లు తగ్గించే బండిల్ ఎంతవరకు పాటిస్తున్నామో చూశాం. చేతుల శుభ్రత, క్లోర్‌హెక్సిడిన్ ఫర్వాలేదు. అసలు లోపం, అక్కర తీరిన లైన్‌ను తీయకుండా వదిలేయడం. రోజూ రౌండ్స్‌లో "ఈ లైన్ ఇవాళ కావాలా?" అని సిస్టర్ అడిగే పద్ధతి పెట్టాం. పైకి చిన్న మార్పే గానీ, థీసిస్ కంటే దీనివల్లే పేషెంట్లకు ఎక్కువ మేలు జరిగిందని నా అభిప్రాయం.

బోధన
పీజీలకు ఎయిర్‌వే వర్క్‌షాప్, నర్సులకు సీపీఆర్ శిక్షణ.

ఇతర వివరాలు
నెల రోజుల నోటీసు ఇచ్చి చేరగలను. నైట్ డ్యూటీలకు, ఆన్‌కాల్‌కు అభ్యంతరం లేదు. నా గురించి ప్రస్తుత విభాగాధిపతిని, ఎండీ గైడ్‌ని సంప్రదించవచ్చు. ఇద్దరి అంగీకార లేఖలు జతచేశాను.

పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను.

(సంతకం)
డాక్టర్ పి. సుజాత