ఎండలకూ వానలకూ బడి మూసినప్పుడు: తల్లిదండ్రులకు ఉత్తరం

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, వరంగల్ జిల్లా
తేదీ: 18 జూన్ 2026

మన బడి పిల్లల తల్లిదండ్రులకు, అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉండి చదువుకుంటున్న పిల్లల పెద్దలకు నమస్కారం.

బడి తెరిచి వారం అవుతోంది. వానలు ఇంకా గట్టిగా అందుకోకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను. వాగు వచ్చిన రోజు పొద్దున బిడ్డను పంపాలా వద్దా, ఎవరికి ఫోన్ చేయాలి అని టెన్షన్ పడే బదులు ముందే ఒక మాట అనుకుని ఉంటే అందరికీ మంచిది. వచ్చే మార్చిలో మొదలయ్యే ఎండలకూ ఇదే పద్ధతి. ఈ కాగితాన్ని పిల్లల డైరీలో అంటించి ఉంచండి. చదవడం రాని పెద్దలు పిల్లలతో చదివించుకోండి. అలా చదివి వినిపించాలని అన్ని తరగతుల్లోనూ చెప్పాం.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఇది. సెలవు ప్రకటించినా ప్రకటించకపోయినా, మీ ఇంటి నుంచి బడికి వచ్చే దారి మీద నీళ్లు పారుతుంటే బిడ్డను పంపకండి. కలెక్టర్ గారు సెలవు ఇచ్చేది జిల్లా మొత్తాన్ని చూసి. మీ తండా ముందున్న కాజ్‌వే మీద నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో అందరికన్నా ముందు తెలిసేది మీకు. ఆ రోజు రాలేదని పిల్లలను ఏ సారూ, ఏ టీచరూ నిలబెట్టి అడగరు. పోయిన పాఠం మళ్లీ చెబుతాం. పరీక్ష ఉంటే విడిగా పెడతాం.

మన దగ్గర చినుకు లేదు కదా అని ధైర్యం చేయొద్దు. పైన ఎక్కడో కురిసిన వాన గంటల తర్వాత మన వాగులోకి వస్తుంది. పైన చెరువు మత్తడి దూకుతోందని తెలిస్తే వాగు దాటే ఆలోచన మానుకోవాలి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ వానలకే మోరంచవాగు పొంగి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కుకుంది. వరంగల్, హనుమకొండల్లో కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ వైపు రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. మోకాలి లోతు పారే నీళ్లు చాలు పెద్దమనిషిని పడేయడానికి. బైకు మీద ముందొకరిని, వెనకొకరిని కూర్చోబెట్టుకుని కాజ్‌వే దాటించే నాన్నలకు, పిల్లలను నింపుకుని తెచ్చే ఆటో అన్నలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. దయచేసి దాటకండి.

సెలవు కబురు ఎలా వస్తుందంటే, జిల్లా అధికారుల ఆదేశం అందిన వెంటనే తరగతి వాట్సాప్ గ్రూపులో బడి ఆఫీసు నంబరు నుంచి మెసేజ్ పెడతాం. ఆ నంబరు డైరీ మొదటి పేజీలో ఉంది. గ్రామ పంచాయతీ మైకులో కూడా చెప్పిస్తాం. రాత్రి తెలిస్తే రాత్రే, లేకుంటే పొద్దున ఏడు గంటల లోపు. వేరే జిల్లా వార్త, పోయిన ఏటి వార్త ఫార్వర్డ్ అవుతూ మీ ఫోన్‌కు చేరవచ్చు. అది నమ్మి ఆగిపోయినా నష్టం లేదు కానీ, 'సెలవు రద్దయింది' అనే మెసేజ్‌ను మాత్రం ఆఫీసు నంబరు నుంచి వస్తేనే నమ్మండి.

బడి నడుస్తుండగా వాన పెరిగితే పిల్లలను గుంపుగా బయటికి వదిలిపెట్టం. మధ్యాహ్న భోజనం పెట్టి, స్లాబు గదుల్లో కూర్చోబెడతాం. కరెంటు స్తంభాలు, పాత గోడల వైపు పోనివ్వం. మీరు గానీ, మీరు ముందుగా పేరు రాసి ఇచ్చిన మనిషి గానీ వచ్చి తీసుకుపోవాలి. వాగు అవతలి పిల్లల్లో చివరి బిడ్డ క్షేమంగా ఇల్లు చేరేదాకా నేనూ, కొందరు టీచర్లూ బడిలోనే ఉంటాం. మీరు కంగారుపడి వానలో పరుగెత్తుకు రాకండి, ఒక్క ఫోన్ చేయండి.

ఇక ఎండల మాట. మామూలుగా మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. అసలు ప్రమాదం పన్నెండున్నర తర్వాతే ఉంది. అప్పుడు మన ఊళ్లో మిర్చి ఏరడం జోరుగా ఉంటుంది. అమ్మానాన్నలు చేనులో ఉంటారు, ఇంటికి తాళం ఉంటుంది, పిల్లలు పుస్తకాల సంచితోనే చేనుకు నడుస్తారు. కూలి రోజులు మీకు ఎంత ముఖ్యమో తెలిసే చెబుతున్నాను, ఆ ఎండలో పిల్లలను మిర్చి చేనుకు రానివ్వకండి. మధ్యాహ్నం నాలుగు దాకా బడిలో రెండు చల్లటి గదులు తెరిచి ఉంచుతాం. వేపచెట్టు వైపు ఉన్నవి, ఫ్యాన్లు తిరుగుతాయి, కుండ నీళ్లుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు లేని పిల్లలు అన్నం తిని అక్కడే ఉండొచ్చు. ఒక టీచరు తోడుంటారు.

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు పదో తరగతి స్పెషల్ క్లాసులు కూడా ఉండవు. పబ్లిక్ పరీక్షల ముందు ఇలా అంటే కొందరు తల్లిదండ్రులకు మనసు ఒప్పదు. ఎండదెబ్బ తగిలి వారం మంచాన పడితే పోయే చదువు ఇంకా ఎక్కువ. ఆ రోజు చదవాల్సింది ముందురోజే చెప్పి పంపుతాం. పబ్లిక్ పరీక్షల తేదీలు మాత్రం మన బడి చేతిలో ఉండవు. అవి మారితే ప్రభుత్వమే ప్రకటిస్తుంది. అంతదాకా హాల్ టికెట్‌లో ఉన్నదే ఖాయం.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు అయితే బిడ్డను నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడిచి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి ఇవ్వడం మంచిది కాదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయకండి. ఒంటి మీద నీళ్లు చల్లి, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎండలకు సెలవులు వచ్చాయంటే పిల్లలకు బాయిలు, చెరువులు గుర్తొస్తాయి. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈతకు పంపకండి.

బడి మూసిన రోజుల్లో చదువు ఎలా అన్నది మీలో చాలామంది అడిగారు. ఆన్‌లైన్ క్లాసులు పెట్టడం లేదు. గట్టి వాన పడితే మన ఊళ్లో ముందు పోయేది కరెంటు, తర్వాత సిగ్నల్. ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పాటు చేనుకు పోతుంది. ఫోన్ ఉన్న బిడ్డ చదివి, లేని బిడ్డ కూర్చునే పద్ధతి మన బడికి వద్దని టీచర్లమంతా అనుకున్నాం.

అందుకని ఈ నెలాఖరులోగా ప్రతి బిడ్డకు ఒక ప్లాస్టిక్ కవరు ఇస్తాం. అందులో ఐదు రోజుల పని ఉంటుంది, రోజుకొక కాగితం. ఒక పేజీ చదవాలి, నాలుగైదు లెక్కలు చేయాలి, చేతులతో ఒక పని చేయాలి. అంతా కలిపి గంట, గంటన్నర. కవరు వాడేశాక కొత్తది ఇస్తాం. వీటికి మార్కులు లేవు. బడి తెరిచిన రోజు మొదటి రెండు పీరియడ్లు ఆ కాగితాల మీదే గడుపుతాం, రానివి మళ్లీ చెబుతాం.

చేతులతో చేసే పని అంటే ఏమిటో ఒకటి చెబుతాను. ఏడో తరగతి వాళ్లకు వాన కొలిచే పని ఉంది. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బాను చెట్టూ చూరూ లేని చోట పెట్టి, మర్నాడు అదే వేళకు స్కేలుతో నీళ్ల లోతు కొలవాలి. పది మిల్లీమీటర్లు ఉంటే ఒక సెంటీమీటరు వాన. ఐదు రోజులవీ పట్టికలో రాసి గ్రాఫు గీయాలి. ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటితే దాన్ని వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షం అంటుంది. ఆ లెక్కతో లక్ష్మీదేవిపేటలో ఎంత కుండపోత కురిసిందో పిల్లలకు తెలుస్తుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం డబ్బా దగ్గరికి పోకూడదని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాం.

ఎనిమిదో తరగతికి తెలుగులో, ఇంట్లో పెద్దలను అడిగి రాసే పని. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఎందుకంటారు, మృగశిర వచ్చాక ముందు ఏ చేను దున్నేవాళ్లు, ఊరి చెరువు నిండితే మిగులు నీళ్లు ఏ చెరువులోకి పోతాయి అని అడగమన్నాం. సాంఘికశాస్త్రంలో కాకతీయుల గొలుసుకట్టు చెరువులు, పాకాల, రామప్ప పాఠానికి అదే పునాది. మీకు చదువు రాదని వెనక్కి తగ్గకండి. ఆ పనిలో మీరే వాళ్లకు టీచర్లు.

ఫోనూ సిగ్నలూ ఉన్నవాళ్లు టీ-శాట్ విద్య పాఠాలు చూపించవచ్చు, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా పాఠాలు వస్తాయి. చూడకపోయినా ఏ బిడ్డా వెనకబడదు. సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య క్లాస్ టీచర్లు వాడకొక ఇంటికి ఫోన్ చేస్తారు. అర్థం కానిది పిల్లలు అప్పుడు అడగొచ్చు.

ఒక మాట మనసులో పెట్టుకోండి. బడి మూస్తే మగపిల్లలు ఆటకు పోతారు, ఆడపిల్లల మీద అంట్లు, నీళ్లు, చంటిపిల్లల పని పడుతుంది. పనిలో సాయం చేయొద్దని అనను. ఆ గంటన్నర మాత్రం వాళ్లకు వదిలేయండి, ఆ సమయానికి చంటిపిల్లను అన్నకో తమ్ముడికో అప్పజెప్పండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది కొంచెమే. ఈ శనివారం, జూన్ 20 లోపు డైరీలో మూడు సంగతులు రాసి పంపండి: మీ ఫోన్ నంబరు, మీరు రాలేకపోతే బిడ్డను తీసుకుపోయే దగ్గరి మనిషి పేరు, బడికి వచ్చే దారిలో ఉన్న వాగు లేదా కల్వర్టు. ఉబ్బసం, ఫిట్స్, సికిల్ సెల్ లాంటివి ఉంటే క్లాస్ టీచరుకు విడిగా చెప్పండి, రహస్యంగా ఉంచుతాం. అదే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశం ఉంది. వాగు అవతలి తండా తల్లులు తప్పకుండా రండి. మీ దారి గురించి మీరు చెప్పేదాన్ని బట్టే మా ఏర్పాట్లు మార్చుకోవాల్సి ఉంటుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు