విశాఖలో జీవిత భాగస్వామి కోసం

నాకు 43 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాను, డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం, కోర్టు డిక్రీ ఉంది. పదో తరగతి చదివే మా అమ్మాయి నా దగ్గరే ఉంటుంది, సెలవుల్లో వాళ్ల నాన్న దగ్గరికి వెళ్తుంది. ఆయన గురించి చెడుగా మాట్లాడను, ఎవరైనా మాట్లాడితే వినను.

ఆదివారం పొద్దున్నే రైతుబజారుకు వెళ్లి, గుత్తి వంకాయకు సరిపడే లేత కాయలు ఒక్కొక్కటీ చూసి ఏరుకోవడం నాకెంతో ఇష్టం. సాయంత్రాలు లాసన్స్ బే వైపు నడుస్తాను.

కాలక్షేపం పరిచయాలు వద్దు, పెళ్లి ఉద్దేశంతోనే రాస్తున్నాను. మీకు 42 నుంచి 50 మధ్య వయసుండాలి. విడాకులైనవారైనా, భార్యను పోగొట్టుకున్నవారైనా సరే, పిల్లలుంటే మరీ సంతోషం. కులం పట్టింపు లేదు. మా అమ్మాయికి వచ్చీరాగానే నాన్న కావాలని అడగను. ఆమె ఏదైనా చెబుతుంటే ఫోను పక్కన పెట్టి వినండి, అది చాలు. కోపమొస్తే రోజుల తరబడి మాటలు మానేసేవారితో మాత్రం నాకు కుదరదు.

అమ్మాయి ఇంటర్ పూర్తయ్యేవరకు విశాఖ వదిలి రాలేను. ముందు మనమిద్దరం మాట్లాడుకుందాం. నమ్మకం కుదిరాకే అమ్మాయిని పరిచయం చేస్తాను.