పోటీకి నిలబడలేను, మన్నించండి

కంచరపాలెం, విశాఖపట్నం
ఆదివారం సాయంత్రం

మా వీధి పెద్దలకు, ఆడపడుచులకు, ఆటో స్టాండు మిత్రులకు, నా దగ్గర చదువుకున్న పిల్లలకు (మీలో కొందరికి ఇప్పుడు నాకన్నా ఎక్కువ జుట్టు నెరిసింది, అయినా పిల్లలే) నమస్కారం.

పోయిన ఆదివారం మీరు పదకొండు మంది మా ఇంటికి వచ్చి, రాబోయే జీవీఎంసీ ఎన్నికల్లో మన వార్డు నుంచి ఇండిపెండెంటుగా నిలబడమని అడిగారు. నేను వారం గడువు అడిగాను. ఆ గడువు ఇవాల్టితో అయిపోయింది. నేను పోటీ చేయడం లేదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. చివరి దాకా చదివితే గానీ అసలు సంగతి తెలియని ఉత్తరాలంటే నాకు చిరాకని మీకు తెలుసు. లీవ్ లెటర్లో జ్వరం సంగతి ఆఖరి లైన్లో రాసినవాళ్ళని ఎన్నిసార్లు తిట్టానో.

కాదన్నంత మాత్రాన మీరు చేసింది నాకు చిన్న విషయం అనుకోకండి. ఆ రోజు మీరు టీపాయ్ మీద పెట్టి వెళ్ళిన రెండొందల పేజీల నోట్‌బుక్కు మీరు వెళ్ళాక రాత్రి తీసి చూశాను. నా పేరున ఎన్నికల ఖర్చుకి చందా ఇచ్చిన 63 మంది పేర్లు, ఎదురుగా అంకెలు. ఆటో స్టాండు వాళ్ళు అందరూ కలిసి 5,000. రైతు బజారు బయట చేపలమ్మే ఆవిడ 200. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నతను 500. ఒక చోట పేరు లేదు, ‘టెన్త్‌లో మూడుసార్లు తప్పినవాడు, 1,000’ అని ఉంది. ఎవరో నాకు తెలుసు. నాలుగోసారి పాసైన సంగతి కూడా రాసి ఉండాల్సింది. ఆ పేజీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మా ఆవిడ కళ్ళజోడు తుడుచుకోమని గుడ్డ ఇచ్చింది. తడి కళ్ళజోడుది కాదని ఆవిడకీ తెలుసు.

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను, జీతం తీసుకున్నాను. ఆ బాకీ అప్పుడే తీరిపోయింది. ఈ 63 పేర్లు మాత్రం జీతంలో భాగం కాదు. ఇంత నమ్మకం ఒక మనిషి మీద పెట్టారంటే, కాదనే ముందు కారణం సరిగ్గా చెప్పుకోవడం నా బాధ్యత.

మీరందరూ హుద్‌హుద్ గురించి చెప్పారు. 2014 అక్టోబరు 12న తుపాను వచ్చి కరెంటూ నీళ్ళూ లేనప్పుడు మన వీధిలో ట్యాంకరు దగ్గర గొడవ లేకుండా చేసింది మాస్టారేనని. నిజం చెప్పాలంటే నేను చేసింది చాలా తక్కువ. మా ఇంట్లో ఉన్న పాత నల్లబల్ల తెచ్చి గుమ్మం ముందు పెట్టి, ఇంటికో నంబరు వేసి, ఇంటికి నాలుగు బిందెలు అని రాశాను. అంతే. అడ్డంగా పడిపోయిన చెట్లు నరికి ట్యాంకరుకి దారి చేసింది, ముసలివాళ్ళ ఇళ్ళకి బిందెలు మోసింది అప్పటి మన కుర్రాళ్ళు. సుద్దముక్క నా చేతిలో ఉందని పేరు నాకొచ్చింది.

ఇంకో సంగతి మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. హుద్‌హుద్ నాటికి మనకసలు కార్పొరేటరే లేడు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే, మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. తొమ్మిదేళ్ళు ప్రత్యేక అధికారుల పాలన. వీధి లైటు వెలగకపోతే ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు. ఆ తొమ్మిదేళ్ళూ చూసినవాణ్ణి కనక, కార్పొరేటర్ పదవి ఉత్తుత్తి పదవి అని నేను ఎప్పుడూ అనను. అది పనున్న పదవి. అందుకే వద్దంటున్నాను.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. కుళాయి రాలేదని తెల్లవారుజామున ఐదింటికి తలుపు తడతారు. మ్యాన్‌హోల్ పొంగిందని రాత్రి పదకొండింటికి ఫోను. నాలుగు చినుకులు పడితే గెడ్డ దగ్గర నిలబడాలి. ఇదంతా వీధిలో పని. కౌన్సిల్లో వేరే పని ఉంది. 98 మంది కార్పొరేటర్లున్న సభలో, అందరూ ఒకేసారి అరుస్తుంటే, మన గెడ్డకి రిటైనింగ్ వాల్ కావాలని లేచి నిలబడి చెప్పాలి. ఆ తర్వాత ఇంజనీర్ల చుట్టూ ఎస్టిమేట్ కోసం, టెండరు కోసం నెలల తరబడి తిరగాలి. నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఎడమ చెవికి మిషను పెట్టుకున్నాను. అది పెట్టుకుంటే గోల ఎక్కువవుతుంది, తీసేస్తే మాట వినపడదు. కౌన్సిల్ హాల్లో ఏం చెయ్యమంటారు?

మా ఆవిడ మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. రోజూ పొద్దున్న ఆవిడ చేత వ్యాయామం చేయించేది నేనే. ఆవిడ నన్ను నిలబడమనీ అనలేదు, మానమనీ అనలేదు. ఒక్కటే అంది: “గెలిస్తే ఇంటికి రారు, ఓడితే వీధిలోకి రారు. ఏది కావాలో చూసుకోండి.”

ఓడిపోతానన్న భయం లేదంటే అబద్ధమే. ఉంది. కానీ దానికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. అది నా కోపం.

మన కాలనీ సంఘానికి నేను రెండేళ్ళు కార్యదర్శిగా చేశాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఎందుకు మానేశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకాయన మెయిన్ పైపుకి మోటారు తగిలించి నీళ్ళు లాగేవాడు. పై వీధికి సన్నటి ధార కూడా వచ్చేది కాదు. రెండుసార్లు మెల్లగా చెప్పాను. మూడోసారి నలుగురిలో, వాళ్ళ కొత్తల్లుడు ఎదురుగా ఉండగా, “నీళ్ళ దొంగ” అన్నాను. మాట నిజమే. మోటారు మర్నాడే తీసేశాడు, నీళ్ళూ వచ్చాయి. కానీ ఆ రోజు నుంచి ఇప్పటి దాకా ఆయన నాతో మాట్లాడలేదు. వాళ్ళింట్లో పెళ్ళికి వీధంతా వెళ్ళింది, మేమిద్దరం వెళ్ళలేదు. పిలవలేదు మరి. ఆ పనే లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి చేయించగలిగే మనిషి కార్పొరేటర్ అవ్వాలి. నేను బెత్తంతో బతికిన మనిషిని. క్లాసులో నలభై మంది పిల్లలు నోరెత్తకుండా కూర్చున్నారంటే అది నా గొప్ప అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఓటర్లు అలా కూర్చోరు, కూర్చోకూడదు కూడా.

ఇంకొకటి. రెండు ప్రధాన పార్టీల నుంచి మన వార్డులో టికెట్ అడుగుతున్నవాళ్ళలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఇద్దరూ మా ఇంటి ముందు నుంచి వెళ్తే బండి స్లో చేసి నమస్కారం పెట్టేవాళ్ళే. నేను నిలబడితే వాళ్ళ మనుషులు నా గురించి, మన మనుషులు వాళ్ళ గురించి ఏదో ఒకటి అనక తప్పదు. ఇప్పుడు ఏ పార్టీ మనిషైనా అర్జీ రాయించుకోవడానికి మా అరుగు ఎక్కుతున్నాడు. పెన్షన్ ఆగినావిడ, ఇంటి పన్ను రెండుసార్లు వేశారని వచ్చినాయన, సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో అడిగే కుర్రాడు, ఎవరిది ఏ జెండా అని నేను అడగను. ఎన్నికల్లో ఒకసారి నిలబడ్డాక నేను అడగకపోయినా, వచ్చేవాడు తనలో తను అడుగుతాడు. ఆ అరుగు పాడుచేసుకోవడం నాకిష్టం లేదు.

మరి ఎవరు అంటారా? మన వార్డు ఈసారి ఎవరికి రిజర్వ్ అవుతుందో చూడాలి. సగం సీట్లు ఎలాగూ మహిళలవే. మన పొదుపు సంఘాల్లో ఒకావిడ ఉంది. బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని లోను వడ్డీ పైసాతో సహా లెక్కకట్టి, ఆయన చేతే తప్పు ఒప్పించి, బయటికొచ్చాక ఆయన్ని ఒక్క మాట కూడా అనని మనిషి. పేరు రాయను. ఆవిడని అడగకుండా పేరు రాస్తే, మీరు నాకు చేసిందే నేను ఆవిడకి చేసినట్టవుతుంది. మీరే వెళ్ళి అడగండి. నామినేషను కాగితాలు నింపడం దగ్గర్నుంచి ఆవిడకి నేను సాయం చేస్తాను. వేరే ఎవరు వచ్చి అడిగినా అంతే సాయం చేస్తాను. ప్రచారం మాత్రం ఎవరికీ చేయను, నా పేరూ ఫొటో ఎవరూ వాడొద్దు.

ఫొటో అంటే గుర్తొచ్చింది. వాటర్ ట్యాంకు దగ్గర కట్టిన ఫ్లెక్సీ దయచేసి ఇవాళే విప్పేయండి. అది నా రిటైర్మెంటు రోజు ఫొటో, పైగా జుట్టుకి నల్లరంగు ఎవరు వేశారో గానీ మీసానికి వేయడం మర్చిపోయారు. చూసినవాళ్ళు ఎవరో తాత, మనవడు కలిసి నిలబడ్డారనుకుంటారు. విప్పిన ఫ్లెక్సీ పారేయకండి. చేపలమ్మే ఆవిడ బుట్టల మీద కప్పుకోవడానికి అడిగింది, ఇచ్చేయండి. నిన్న బజారుకి వెళ్తే, “ఏటి మాస్టారూ, నిలబడరంట? మీరు నిలబడితే గుర్తు ఏటైనా నేను అడగను, మీ పేరు సూసి గుద్దేత్తాను” అంది. ఆవిడకి సమాధానం చెప్పలేక అడక్కుండానే అరకిలో నెత్తళ్ళు కొన్నాను.

సాయంత్రం టెన్త్ పిల్లల లెక్కల క్లాసు మామూలుగానే ఆరింటికి ఉంటుంది. ఈ వారం రోజులూ మీరు వచ్చి వెళ్ళే సందట్లో రెండు క్లాసులు పోయాయి. వాటికి బదులు వచ్చే శని, ఆదివారాలు పొద్దున్న పెడతాను, పిల్లలకి చెప్పండి.

ఇక డబ్బు. ఎవరిచ్చింది వాళ్ళకి కవర్లలో పెట్టి, పైన పేరు రాసి ఉంచాను. రేపటి నుంచి సాయంత్రం నాలుగు, ఆరు మధ్య వచ్చి నోట్‌బుక్కులో సంతకం పెట్టి తీసుకోండి. రాలేనివాళ్ళకి నేనే తెచ్చిస్తాను. “ఉంచండి మాస్టారూ” అంటే ఒప్పుకోను. ఒక్క చిక్కు ఉంది. నోట్‌బుక్కులో ఉన్న మొత్తం 41,000. మీరిచ్చిన సంచీలో ఉన్నది 41,350. మూడుసార్లు లెక్కపెట్టాను, తేడా అలాగే వస్తోంది. పేరు రాయించుకోకుండా 350 ఇచ్చినవాళ్ళెవరో దయచేసి వచ్చి చెప్పండి.

మీ
లెక్కల మాస్టారు