తమ్ముడి నిశ్చితార్థానికి అక్క ఆశీస్సులు

బెంగళూరు,
శ్రావణ సోమవారం

చిరంజీవి సాయికిరణ్‌ను అక్క ఆశీర్వదించి వ్రాయునది.

నవ్వకురా! నాన్న మనకు హాస్టల్‌కి రాసే ఉత్తరాలు ఇలాగే మొదలయ్యేవి కదా. నిన్నటి నుంచి నీకు ఎన్ని మెసేజ్‌లు వచ్చి ఉంటాయో, ఎన్ని లడ్డూల బొమ్మలు, ఎన్ని చప్పట్ల బొమ్మలు చూసి ఉంటావో ఊహించగలను. అందుకే నేను కూర్చుని, తీరిగ్గా, ఉత్తరమే రాస్తున్నాను. అక్కననే అధికారం ఆమాత్రం వాడుకోకపోతే ఎలా?

శుభాకాంక్షలు, నాన్నా. మనస్ఫూర్తిగా, కడుపునిండా శుభాకాంక్షలు. మీ ఇద్దరికీ, మన రెండిళ్లకీ.

ఎనిమిదో నెలలో ప్రయాణం వద్దని డాక్టరుగారు అనగానే నేను ఏడ్చిన మాట మీ బావ నీకు చెప్పేశారట. నిజమే, ఏడ్చాను. కానీ నిన్న పొద్దున్న తొమ్మిదింటికల్లా తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని ఫోను ముందు కూర్చున్నాను. మీ అత్తగారు రామ్మా అని పిలిస్తే ఆ తెరలోంచే వచ్చి పీటల దగ్గర కూర్చునేదాన్నేమో. మన చిట్టిగాడి చేతికి ఫోను ఇచ్చారు చూడు, అక్కడే వచ్చింది చిక్కు. సగంసేపు నాకు ఫంక్షన్ హాలు సీలింగూ, వంటాయన బొజ్జా కనిపించాయి. లగ్నపత్రిక చదువుతున్నప్పుడు మాత్రం వాడికి ఎవరో మొట్టికాయ వేసినట్టున్నారు, ఫోను కదలకుండా నిలబెట్టాడు. పంతులుగారు మన గోత్రం, ముత్తాతగారి పేరు, తాతగారి పేరు, నాన్న పేరు వరసగా చదివి చివర నీ పేరు చదివారు. వెంటనే వాళ్లవైపు నుంచి అలాగే మూడు తరాలు చెప్పి మానస పేరు చదివారు. నాకు ఒళ్లు జలదరించింది రా. బట్టలు, నగలు, ఫొటోలు అన్నీ ఒక ఎత్తు, అంతమంది పెద్దల పేర్ల చివర మీ ఇద్దరి పేర్లు వినడం ఒక ఎత్తు.

తాంబూలాలు మార్చుకునేటప్పుడు నాన్నను గమనించావా? వెండిపళ్లెం అందుకుంటూ "బావగారూ" అన్నారు. ఎవర్నీ అంత తొందరగా వరస కలిపి పిలిచే మనిషి కాదు ఆయన. మీ మావగారు కూడా "మంచిది బావా, ఇగ మనం ఒక్కటే" అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. ఉంగరాల దగ్గర నువ్వు ముందు తప్పు వేలికి తొడగబోవడం, మానస నవ్వాపుకుని సరైన వేలు ముందుకు పెట్టడం కూడా నా కంట పడ్డాయి. కొత్త సంసారానికి మంచి శకునమే అనుకున్నాను. ఎవరి చెయ్యి ఎటు పోవాలో ఆ అమ్మాయికి తెలుసు.

అసలు మీ కథే నాకు ముచ్చట. కోనసీమ కుర్రాడికి బ్యాంకువాళ్లు జమ్మికుంటలో పోస్టింగ్ ఇస్తే ఇంట్లో అంతా గోదావరి ఎండిపోయినట్టు మొహాలు పెట్టాం. అమ్మ అయితే అక్కడ అన్నంలోకి ఏం దొరుకుతుందో అని రెండు జాడీల ఆవకాయ కట్టింది. నువ్వేమో పంటరుణాల ఫైళ్లు పట్టుకుని రైతు వేదికకు వెళ్లడం, అక్కడ వ్యవసాయ విస్తరణాధికారి ఒకమ్మాయి, పత్తి ఎన్ని ఎకరాలు, వరి ఎన్ని ఎకరాలు అని నువ్వు రాసుకొచ్చిన లెక్కలో తప్పు పట్టుకోవడం! ఆ రాత్రి నాకు ఫోను చేసి అరగంట ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చేశావు. ఫోను పెట్టేశాక బావతో అన్నాను, వీడి పని అయిపోయిందండీ అని. అంత శ్రద్ధగా ఎవరి గురించీ వాడు ఫిర్యాదు చేయలేదు.

పెళ్లిలో సప్తపది ఉంటుంది కదా. ఏడో అడుగు స్నేహానికి. అది వేయించాక వరుడు చెప్పే మంత్రంలో "సఖా సప్తపదా భవ" అని ఉంటుంది, ఏడడుగులు నడిచి నాకు స్నేహితురాలివి అవ్వు అని. మా పెళ్లిలో పంతులుగారు అర్థం చెబుతుంటే మీ బావ ముఖం చూశాను, అప్పటికి మేం మాట్లాడుకున్నదే బొటాబొటి. ఆ స్నేహం మాకు తర్వాత మెల్లగా కుదిరింది. మీకేమో ఆ ఏడో అడుగు ముందే పడిపోయింది. మిగతా ఆరూ మాఘంలో అగ్నిసాక్షిగా వేద్దురుగాని.

ఇక అక్కగా నాలుగు ముక్కలు. వినకపోయినా పర్వాలేదు, చెప్పకుండా ఉండలేను.

ముహూర్తానికి ఇంకా నెలలు ఉన్నాయి. ఈ లోపల ఇరుపక్కలా మాటలు వస్తాయి. భోజనాల్లో పప్పు ముందా, పులిహోర ముందా దగ్గర నుంచి, కారుకి పువ్వులు ఎవరు కట్టించాలి అనే దాకా. మన పిన్ని ఏదో అంటుంది, వాళ్ల మేనత్త ఏదో అంటుంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు మొయ్యకు. మన ఇంట్లో పుట్టిన చిరాకు నీ దగ్గరే ఆగిపోవాలి, మానస దాకా వెళ్లకూడదు. పెళ్లికి ముందు విన్న మాట ఆడపిల్ల మర్చిపోదు రా, నవ్వుతూ గుర్తుపెట్టుకుంటుంది. ఇది అనుభవం మీద చెబుతున్నాను, ఎవరి మాట అని అడక్కు.

ఇంకోటి. ఆడపడుచు లాంఛనాలని ఒక లెక్క ఉంటుందిగా, అది నాకొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను. కట్నం మాటే వద్దని నాన్న మొదటి రోజే తేల్చేశారు, అలాంటిది నా పేరు మీద ఇంకో దొడ్డిదారి ఎందుకు? నాకు కావలసింది ఒక్కటే. సంక్రాంతికి మీ అత్తగారు సకినాలు చేస్తారట కదా, అందులోంచి రెండు డబ్బాలు. నువ్వులు, వాము బాగా పడాలి. ఇది మాత్రం గట్టిగా అడిగి తీసుకురా. బదులుగా మనవాళ్లు ఆత్రేయపురం పూతరేకులు ఎన్ని తీసుకెళ్లారో చూశావుగా, బాకీ లేదు.

మానసా, ఇక్కడి నుంచి నీకు. వీడు ఎలాగూ ఇది నీకు చూపిస్తాడని తెలుసు.

మరదలా, మా ఇంటికి స్వాగతం తల్లీ. నిన్న ఫోనులో "మంచిగున్నరా వదినా, కాళ్లు వాస్తున్నయా" అని నువ్వు అడిగినప్పుడు, చుట్టూ అంత హడావిడిలో, నగల బరువులో, నీకు నా కాళ్ల సంగతి గుర్తుండటం చూసి నాకు మాట పడిపోయింది. మా తమ్ముడు బయటకి కోపిష్టిలా ఉంటాడు గానీ, ఆకలేస్తే తప్ప వాడికి కోపం రాదు. అన్నం పెట్టు అనను, వంట వాడికీ వచ్చు, పనసపొట్టు కూర నాకంటే బాగా చేస్తాడు. చేయించుకో. నీ ఉద్యోగం, నీ ఊళ్లు, పొలాల మధ్య నీ తిరుగుడు ఏవీ ఆగక్కర్లేదు. మా ఇంట్లో నీ మాట నువ్వు మాట్లాడినట్టే మాట్లాడు. "గట్లనా, గిట్లనా" అంటుంటే మా అమ్మ ఇప్పటికే మురిసిపోతోంది, ఫోనులో నాతోనూ అలా మాట్లాడబోయి నవ్వుకుంటోంది. నీకు ఏ కష్టం వచ్చినా, దానికి కారణం మా తమ్ముడే అయినా సరే, ముందు నాకు ఫోను చెయ్యి. ఆ రోజు నేను నీ వైపే.

అత్తయ్యగారికి, మావయ్యగారికి నా నమస్కారాలు. కళ్లలో పెట్టుకుని పెంచుకున్న పిల్లను మా ఇంటికి ఇస్తున్నారు. మా అమ్మానాన్నలు ఆమెను కోడలని పిలిచినా కూతురి కింద లెక్క అని, కూతురినైన నేను హామీ ఇస్తున్నాను. మీరు పెట్టిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ కుంకుమభరిణె ఫొటోలో చూశాను, ఆ సన్నటి తీగ పనికి కళ్లు తిప్పుకోలేకపోయాను. అమ్మ దాన్ని అప్పుడే దేవుడి గూట్లో పెట్టేసిందట.

ఇక ఆశీర్వచనం. పెద్దదాన్ని, ఇచ్చే హక్కు ఉంది.

మాఘమాసంలో అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామికి కల్యాణం. అదే మాసంలో మీకూ. ఆ స్వామి చల్లని చూపు, వేములవాడ రాజన్న దీవెన మీ ఇంటి మీద ఎప్పుడూ ఉండాలి. పెళ్లయ్యాక అన్నవరం కొండ మీద వ్రతం చేసుకుని, ఆకులో కట్టిన ఆ ప్రసాదం ఇద్దరూ ఒకే పొట్లంలోంచి తినాలి. మీ ఇంట్లో ధాన్యం నిండుగా ఉండాలి, వచ్చినవాళ్లకి ఆకు వేసే చెయ్యి ఎప్పుడూ ముందుండాలి. ఒకరు అలిగితే ఇంకొకరికి నవ్వు రావాలి. ఒకరి అమ్మానాన్నలకు ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు ముందుగా బస్సెక్కాలి. మీ పిల్లలు కోనసీమ కొబ్బరినీళ్లు తాగుతూ, హుజూరాబాద్ మాటలు మాట్లాడుతూ పెరగాలి. మానసా, దీర్ఘసుమంగళీ భవ. సాయీ, శతమానం భవతి. నిండు నూరేళ్లూ జంటగా, పచ్చగా, చల్లగా ఉండండి.

పెళ్లినాటికి నా ఒళ్లో మీ మేనల్లుడో మేనకోడలో ఉంటారు. ఎవరైనా సరే, పెళ్లికూతురి పక్కన ఫొటో మొదట వాళ్లదే, ఇప్పుడే బుక్ చేస్తున్నాను. ఈసారి నేను తెరలో కాదు, నీ వెనకే నిలబడతాను. బాసికం కట్టేది నేనే, పంతులుగారికి ముందే చెప్పి ఉంచు.

ఫొటోలు వాట్సాప్‌లో పంపి వాటి ప్రాణం తియ్యకు, డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వు. చిట్టిగాడు తీసిన సీలింగు వీడియో కూడా పంపు, వాడి పెళ్లిలో వేద్దాం. మీ బావ రాత్రికి ఫోను చేస్తారు, తమ్ముడితో కాదట, కొత్త చెల్లెమ్మతో మాట్లాడతారట.

ప్రేమతో, బోలెడన్ని దీవెనలతో,
మీ ఇద్దరి అక్క