వయసుకు తగిన బీఎంఐ ఆధారంగా మా ఉన్నత పాఠశాల విద్యార్థుల పోషక స్థితి: గ్రామ నివేదిక

సమర్పణ: గ్రామ సర్పంచి గారికి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు, ప్రధానోపాధ్యాయులకు
సమర్పించువారు: సామాజిక ఆరోగ్య అధికారి, గ్రామ ఆరోగ్య కేంద్రం, ఆలూరు ప్రాంతం, కర్నూలు జిల్లా
కొలతలు తీసిన తేదీలు: 2024 డిసెంబరు 9, 10, 11

ఎవరిని కొలిచాము

మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల హాజరు పట్టీలో 6 నుంచి 10వ తరగతి వరకు 214 మంది ఉన్నారు. మూడు రోజుల్లో 190 మంది హాజరయ్యారు. వారిలో వయసుకు ఏ ఆధారమూ దొరకని ఇద్దరినీ, కాలి వైకల్యం వల్ల నిటారుగా నిలబడలేని ఒకరినీ లెక్కలోకి తీసుకోలేదు. మిగిలిన 187 మంది (96 మంది బాలికలు, 91 మంది బాలురు) వివరాలే ఈ నివేదికకు ఆధారం. రాని 24 మందిలో ఎక్కువ మంది తల్లిదండ్రులతో కలిసి పత్తి తీతకు, మిరప కోతకు వలస వెళ్లారని ఉపాధ్యాయులు చెప్పారు. కూలి పనికి వెళ్లిన పిల్లలు బడికి వచ్చిన వారికంటే బలంగా ఉంటారని అనుకోవడానికి కారణం లేదు కాబట్టి, కింద చెప్పిన బక్కతనం శాతం గ్రామంలోని అసలు స్థితికంటే తక్కువగానే ఉండవచ్చు.

ఎలా కొలిచాము

బరువును 100 గ్రాముల వరకు చూపే డిజిటల్ కాటాతోనూ, ఎత్తును మిల్లీమీటరు గుర్తులున్న నిలువు కొలబద్దతోనూ రెండేసి సార్లు తీసుకుని సగటు వేశాము. ప్రతి ఉదయం రేషన్ దుకాణం నుంచి తెచ్చిన 5 కిలోల తూకపు రాయితో కాటాను సరిచూశాము. బాలికలు జడలు మడిచి నడినెత్తిన రిబ్బన్లు కట్టుకుంటే ఎత్తు తప్పుగా వస్తుంది కాబట్టి వాటిని విప్పించాము. బరువు అంకె తోటివారి చెవిన పడితే ఎగతాళికి దారి తీస్తుందని మొదటి గంటలోనే గమనించి, కాటాను ప్రయోగశాల గదిలోకి మార్చి ఒక్కొక్కరినే పిలిచాము.

కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. పెద్దలకు 18.5 కంటే తగ్గితే బక్కతనమని అంటాము. ఎదిగే పిల్లలకు ఆ గీత పనికిరాదు. 13 ఏళ్ల బాలికల మధ్యస్థ బీఎంఐయే 18.8 కాబట్టి, పెద్దల గీతను వాడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలా మంది బక్కవారి జాబితాలో చేరిపోతారు. అందువల్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వారికి ప్రకటించిన పట్టికలను అనుసరించి, వయసును నెలల్లో లెక్కించి, AnthroPlus సాఫ్ట్‌వేర్‌తో ప్రతి బిడ్డ స్థానాన్ని నిర్ణయించాము. ఒకే వయసు పిల్లల అంకెలు మధ్యస్థం చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చూపే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. మధ్యస్థం నుంచి రెండు ప్రామాణిక విచలనాలకంటే కిందనున్న వారిని బక్కవారుగా, మూడింటికంటే కిందనున్న వారిని తీవ్రంగా బక్కచిక్కిన వారుగా, ఒకటికంటే పైన అధిక బరువుగా, రెండింటికంటే పైన స్థూలకాయంగా పరిగణించాము.

వయసు విషయంలో ఎదురైన చిక్కు

ఈ పద్ధతిలో బరువు ఎంత ముఖ్యమో పుట్టిన తేదీ అంతే ముఖ్యం. పాఠశాల రిజిస్టరు ప్రకారం 187 మందిలో 71 మంది జూన్ నెలలో పుట్టారు. సహజంగానైతే ఒక నెలకు 15, 16 మంది రావాలి. బడిలో చేర్చే రోజున వయసు సరిపోయేలా తేదీ వేయించే అలవాటు మనందరికీ తెలిసినదే. దాని ఫలితం ఎంతటిదో ఒక బాలిక ఉదాహరణతో తెలుస్తుంది. ఆమె ఎత్తు 146 సెంటీమీటర్లు, బరువు 31.2 కిలోలు, బీఎంఐ 14.6. రిజిస్టరు ప్రకారం ఆమెకు 13 ఏళ్లు నిండాయి. ఆ వయసుకు గీత 14.9 కాబట్టి ఆమె బక్కవారిలో చేరుతుంది. ఆసుపత్రి ఇచ్చిన జనన పత్రం ప్రకారం ఆమెకు నిండినవి 12 ఏళ్లే. ఆ వయసుకు గీత 14.4 కాబట్టి ఆమె సాధారణ వర్గంలోనే ఉంది.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి 112 మందికి జనన పత్రమో, తల్లీబిడ్డల సంరక్షణ కార్డో చూశారు. 14 మంది వయసులో ఆరు నెలలకు మించిన తేడా కనిపించింది. ఆ సవరణ వల్ల ఐదుగురు బక్కవారి జాబితా నుంచి బయటికి వచ్చారు, ఒకరు కొత్తగా అందులో చేరారు. దాంతో మొదట 52గా వచ్చిన సంఖ్య 48 అయింది. మిగతా 75 మందికి రిజిస్టరు తేదీనే వాడవలసి వచ్చింది.

ఫలితాలు

| స్థితి | బాలికలు | బాలురు | మొత్తం | శాతం |
|---|---|---|---|---|
| తీవ్ర బక్కతనం | 3 | 6 | 9 | 4.8 |
| బక్కతనం | 17 | 22 | 39 | 20.9 |
| సాధారణం | 71 | 57 | 128 | 68.4 |
| అధిక బరువు | 4 | 4 | 8 | 4.3 |
| స్థూలకాయం | 1 | 2 | 3 | 1.6 |

నలుగురిలో ఒకరు (48 మంది, 25.7 శాతం) వయసుకు తగిన బీఎంఐ లేకుండా బక్కగా ఉన్నారు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల వారిలో ఇది 24 శాతం. మనది ఒక్క బడి లెక్క కాబట్టి ఆ చిన్న తేడాకు అర్థం వెతకనక్కరలేదు. బాలికల్లో 20.8 శాతం, బాలురలో 30.8 శాతం బక్కగా ఉన్నారు. ఆడపిల్లలకే తక్కువ అందుతుందని కొలతలకు ముందు మేము అనుకున్న దానికి ఇది విరుద్ధంగా ఉంది. అయితే బీఎంఐ రక్తహీనతను చూపదు కాబట్టి, బాలికల స్థితి బాగుందని దీనినుంచి తేల్చడం సరికాదు.

వయసుకు తగిన ఎత్తు లేనివారు 45 మంది. వారిలో 30 మంది బీఎంఐ సాధారణంగానే ఉంది. ఏళ్ల తరబడి తిండి చాలక ఎదుగుదల ఆగిన బిడ్డ, ఎత్తూ బరువూ రెండూ తగ్గినందున ఈ పట్టికలో మామూలుగానే కనిపిస్తుంది. కనుక ‘సాధారణం’ అన్న వరుసను చదివేటప్పుడు ఈ 30 మందిని గుర్తుంచుకోవాలి. మరోవైపు భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015 పట్టికలు అధిక బరువుకు ఇంకా తక్కువ గీతను వాడతాయి. వాటితో లెక్కిస్తే అధిక బరువు ఉన్నవారి సంఖ్య పెరిగే అవకాశం ఉంది.

కొలతల రోజు ఉదయం ఏమీ తినకుండా వచ్చామని చెప్పినవారు బక్కగా ఉన్న 48 మందిలో 21 మంది, మిగతా 139 మందిలో 35 మంది. తల్లులు తెల్లవారకముందే కూలికి బయలుదేరడం ఇందుకు కారణమని పిల్లలే చెప్పారు. ఒక్క రోజు మాటను పట్టుకుని బక్కతనానికి ఇదే కారణమనలేము గాని, పట్టించుకోవలసిన తేడా ఇది.

కోరుతున్న చర్యలు

తీవ్రంగా బక్కచిక్కిన 9 మందిని ఈ నెలలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి వద్దకు తీసుకువెళ్లి, రక్తహీనతకూ క్షయకూ పరీక్షలు చేయించాలి. ప్రయాణ ఖర్చును పంచాయతీ భరించాలని కోరుతున్నాము. బడిలో ఇచ్చే రాగి జావను మొదటి గంటకు ముందే పోస్తే, పరగడుపున వచ్చే పిల్లలకు అది ఉపయోగపడుతుంది. జావ లేని రోజుల్లో ఏమి ఇవ్వగలమో కమిటీ చర్చించాలి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వదిలేసే పిల్లలెవరో, ఎందుకు వదిలేస్తున్నారో వడ్డించేవారే రెండు వారాలు రాసి ఉంచాలి. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర వేసే రోజు వలస పిల్లలు ఊళ్లో ఉండరు కాబట్టి, తిరిగి వచ్చాక వారికి విడిగా వేయాలి. జనన పత్రాలు లేని 75 మంది జాబితాను పంచాయతీ కార్యదర్శికి ఇచ్చాము.

పిల్లల పేర్లున్న జాబితా ప్రధానోపాధ్యాయుల వద్దా, ఆరోగ్య కేంద్రంలోనూ మాత్రమే ఉంటుంది. దానిని ప్రార్థన సమావేశంలో చదవవద్దని, గోడమీద అంటించవద్దని మనవి. ప్రతి కుటుంబానికీ తమ బిడ్డ ఫలితాన్ని ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చెబుతారు.

వలస కుటుంబాలు ఉగాదికి ఊరు చేరతాయి కాబట్టి, ఇప్పుడు దొరకని 24 మందినీ, బక్కగా తేలిన 48 మందినీ 2025 ఏప్రిల్ మొదటి వారంలో ఇదే కాటాతో, ఇదే కొలబద్దతో కొలుస్తాము.