ఫిబ్రవరి 7, శనివారం: మన స్కూల్ ఆటల పోటీల కార్యక్రమం

టీచర్లకు, హౌస్ కెప్టెన్లకు, తల్లిదండ్రులకు

ఈసారి పోటీలు రెండు విడతలుగా జరుగుతాయి. ఉదయం 10:30కి గ్రౌండ్ ఖాళీ చేసేస్తాం, మళ్లీ 3:45కి మొదలుపెడతాం. పోయినేడు ఫైనల్స్ మిట్టమధ్యాహ్నం దాకా సాగి, ఇద్దరు ఆడపిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు. ఆ షెడ్యూల్ వేసింది నేనే. అనంతపురంలో సంక్రాంతి దాటితే ఎండ ఎలా ముదురుతుందో తెలిసి కూడా చేసిన తప్పు అది.

ఉదయం

6:30 – రాగిజావ, అరటిపండు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు, క్లాస్ టీచర్లు ఒక్కొక్కరినీ అడగండి.
7:00 – మార్చ్‌పాస్ట్, ప్రతిజ్ఞ. పది నిమిషాలే. ప్రసంగాలు లేవు.
7:15 – సీనియర్ 400 మీటర్ల హీట్స్ (బాలురు 2, బాలికలు 2).
7:40 – జూనియర్ 100 మీటర్ల హీట్స్ (బాలురు 4, బాలికలు 3).
8:15 – సీనియర్ 100 మీటర్ల హీట్స్ (బాలురు 4, బాలికలు 3).
8:45 – నీళ్లు, మజ్జిగ, విశ్రాంతి.
9:10 – జూనియర్ 100 ఫైనల్స్.
9:35 – సీనియర్ 100 ఫైనల్స్.
9:55 – ఆరో తరగతికి నిమ్మకాయ–చెంచా, గోనెసంచి పరుగు.

లాంగ్‌జంప్ 7:45 నుంచి వేపచెట్టు పక్కన ఇసుక గుంతలో నడుస్తుంటుంది. జంప్‌లో ఉండగా పరుగుకు పిలుపు వస్తే వెళ్లి పరుగెత్తి రావచ్చు. తిరిగొచ్చాక ఊపిరి కుదుటపడే దాకా ఆగి, వాళ్ల ఛాన్స్ ఇవ్వండి.

మన ట్రాక్‌లో ఆరు లైన్లే పడతాయి. నాలుగు హీట్స్ ఉన్నచోట గెలిచిన నలుగురు, మిగతావాళ్లలో టైమ్ బాగున్న ఇద్దరు ఫైనల్‌కు వస్తారు. మూడు హీట్స్ అయితే ప్రతి హీట్ నుంచి మొదటి ఇద్దరు. 400లో ప్రతి హీట్ నుంచి ముగ్గురు. హీట్‌కూ ఫైనల్‌కూ మధ్య కనీసం 45 నిమిషాలు ఉండాలి. హీట్స్ ఆలస్యమైతే ఫైనల్ కూడా అంతే వెనక్కి జరుగుతుంది, ఆ విరామంలో కోత పెట్టకండి. ఒక్కొక్కరికి రెండు పరుగులు, ఒక జంప్ లేదా త్రో మాత్రమే. "నాకింకా ఓపికుంది సార్" అని బతిమాలతారు, ఒప్పుకోవద్దు.

చాలామంది చెప్పుల్లేకుండానే పరుగెడతారు. శుక్రవారం సాయంత్రం సున్నం లైన్లు వేసేముందు తొమ్మిదో తరగతి పిల్లలు వరుసగా నిలబడి ట్రాక్ మొత్తం పల్లేరు కాయలు ఏరాలి. మూడో లైన్ మలుపు దగ్గర ఎప్పుడూ ఎక్కువ ఉంటాయి.

10:30 తర్వాత పిల్లలంతా క్లాసుల్లోనే ఉంటారు. క్యారమ్స్, చెస్ అక్కడే. 12:30కి భోజనం. బంతి తెచ్చుకుంటామని కూడా ఎవరినీ గ్రౌండ్‌లోకి పంపకండి.

తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం అని ఎవరన్నా వెంటనే ఆట ఆపించి 8ఏ గదికి తీసుకెళ్లండి. అక్కడ ఫ్యాన్లు, తడిగుడ్డలు, ఓఆర్ఎస్ ఉంటాయి (ఒక ప్యాకెట్ లీటరు నీళ్లలో). ఏఎన్ఎం గారు ఉంటారు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే ముందు 108కి ఫోన్, ఈలోగా ఒంటిమీద నీళ్లు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

సాయంత్రం

3:45 – 400 ఫైనల్స్.
4:05 – బాలికల ఖో–ఖో ఫైనల్.
4:35 – 4×100 రిలే.
4:50 – తల్లిదండ్రుల తాడులాగుడు, జట్టుకు 8 మంది. గెలిచిన జట్టుకు కొబ్బరికాయల గెల!
5:05 – బహుమతులు.

తల్లిదండ్రులు కూర్చునే చోటు: ఉదయం షామియానా తూర్పు గోడ వైపు ఉంటుంది, ఎండ వీపు వెనక పడుతుంది. సాయంత్రం అదే ఎండ మొహాన కొడుతుంది కాబట్టి కుర్చీలు పడమర వైపు బిల్డింగ్ నీడలోకి మారుస్తాం. కుర్చీలు 120 మాత్రమే. ముందు రెండు వరుసలు అవ్వాతాతలకు, గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు. మిగతావారికి పట్టాలు పరుస్తాం. వీడియో కోసం తాడు దాటి ట్రాక్ మీదకు రావద్దని మనవి. పోయినేడు ఒక నాన్నగారు కొడుకును తీయబోయి పక్క లైన్ పిల్లవాడికి అడ్డం వచ్చారు, ఆ హీట్ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. పిల్లలకు జబ్బు, ఆయాసం లాంటివి ఉంటే గురువారంలోగా క్లాస్ టీచర్‌కు చెప్పండి.

బహుమతి ప్రదానం 35 నిమిషాల్లో అయిపోవాలి. ఎంఈఓ గారు ఐదు నిమిషాలే మాట్లాడతానని మాటిచ్చారు. ఒక ఈవెంట్ వాళ్లు స్టాండ్ ఎక్కుతుండగా తర్వాతి ముగ్గురు మెట్ల దగ్గర సిద్ధంగా ఉండాలి. సర్టిఫికెట్ల మీద పేర్లు తెలుగు మాస్టారు రాస్తారు, హాజరుపట్టీలో ఉన్నట్టే. ఈసారి కప్పులకు బదులు స్టీలు టిఫిన్ డబ్బాలు ఇస్తున్నాం. 5:45కల్లా దూరపు ఊళ్ల పిల్లలు ఆటో ఎక్కాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి.

– వ్యాయామ ఉపాధ్యాయుడు