బిల్లుల సేవలో అంతరాయం: మధ్యాహ్నం 12:30 గంటలకు పరిస్థితి

ఈ ఉదయం 9:42 గంటల నుంచి మా బిల్లుల, ఖాతాల సేవ పనిచేయడం లేదు. లాగిన్ కావడం, పాత బిల్లులు తెరవడం, కొత్తవి తయారు చేయడం ఏదీ ప్రస్తుతం సాధ్యం కాదు. మీ సమాచారాన్ని దాచే ప్రధాన డేటాబేస్ ఉన్న డిస్క్ చెడిపోవడం ఇందుకు కారణం. మధ్యాహ్నం 3 గంటలలోపు సేవను తిరిగి తెరవగలమని అంచనా వేస్తున్నాం. అయితే కొద్ది నిమిషాల వ్యవధిలో జరిగిన నమోదులు పోయే అవకాశం ఉంది.

ఉదయం 9:31 గంటలకు ముందు మీరు సేవ్ చేసినవన్నీ భద్రంగా ఉన్నాయి. ప్రధాన డేటాబేస్‌లో చేరే ప్రతి నమోదు, మరోచోట ఉన్న రెండో ప్రతిలోకి కూడా కొన్ని క్షణాల్లోనే చేరుతుంది. ఈ రోజు మాత్రం ఆ ప్రతి వెనకబడి, డిస్క్ చెడిపోయే సమయానికి 9:31 వరకు జరిగినవాటినే అందుకోగలిగింది. నిన్న రాత్రి వరకు ఉన్న బిల్లులను విడిగా తీసిన బ్యాకప్‌తో పోల్చి చూడగా రెండూ సరిపోయాయి. ఆ తర్వాతి నమోదుల వరుసలోనూ మధ్యలో ఎక్కడా లోటు కనిపించలేదు.

9:31 నుంచి 9:42 వరకు ఉన్న 11 నిమిషాల సంగతి వేరు. అప్పుడు చేసిన బిల్లులు, దిద్దుబాట్లు, తొలగింపులు చెడిపోయిన డిస్క్‌లో మాత్రమే ఉన్నాయి. మీ తెరపై ‘సేవ్ అయింది’ అని కనిపించినా సరే, అవి తిరిగి దొరుకుతాయని ఇప్పుడు హామీ ఇవ్వలేం. దొరకని పక్షంలో ఆ వ్యవధిలో మీరు మార్చిన మొత్తం పాత అంకెగానే కనిపిస్తుంది, తొలగించిన బిల్లు మళ్లీ జాబితాలో ప్రత్యక్షమవుతుంది, మీ కొనుగోలుదారుకు ఈమెయిల్‌లో అందిన బిల్లు మీ ఖాతాలో లేకుండా పోతుంది. ఈ మూడింటిలో చివరిది ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంది కనుక, ఆ సమయంలో పంపిన బిల్లుల ఈమెయిళ్లు మీ దగ్గర ఉంటే తొలగించకుండా ఉంచుకోండి.

రెండో ప్రతితో సేవను ఇప్పటికే తెరిచి ఉండవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. తెరవవచ్చు. కానీ ఆ 11 నిమిషాల్లో ఇచ్చిన బిల్లు సంఖ్యలు ఆ ప్రతికి తెలియవు కాబట్టి అవే సంఖ్యలను కొత్త బిల్లులకు మళ్లీ ఇస్తుంది. తర్వాత డిస్క్ నుంచి పాతవి దొరికినా రెండింటినీ కలపడం చాలా కష్టమవుతుంది. అందుకే 2 గంటల వరకు డిస్క్‌ను చదివే ప్రయత్నం కొనసాగించాలని నిర్ణయించాం. ఫలితం ఎలా ఉన్నా అప్పుడు ప్రయత్నం ఆపి, ప్రతి ఖాతాలోనూ బిల్లు సంఖ్యలను కొంత ముందుకు జరిపి సేవను తెరుస్తాం. వరుసలో కనిపించే ఆ ఖాళీకి కారణం తెలిపే లేఖ కావలసినవారికి ఇస్తాం; లెక్కలు తనిఖీ చేసేవారు తప్పకుండా అడుగుతారు.

అప్పటివరకు మొబైల్ యాప్ వాడేవారు దయచేసి లాగౌట్ కావద్దు, యాప్‌ను తొలగించవద్దు. 9:42 తర్వాత యాప్‌లో రాసినవి మీ ఫోన్‌లోనే నిలిచి ఉంటాయి, సేవ తెరుచుకోగానే వాటంతట అవే చేరతాయి. వెబ్‌సైట్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి కొత్త బిల్లుల వివరాలను కాగితంపై రాసి ఉంచుకోవడం మేలు.

చెల్లింపుల సొమ్ముకు ఈ అంతరాయంతో సంబంధం లేదు. అది మా డేటాబేస్‌ను దాటకుండా విడిగా మీ బ్యాంకు ఖాతాకే చేరుతుంది. అయినా ఆ 11 నిమిషాల్లో చెల్లించిన బిల్లు ‘బాకీ’గా కనిపించవచ్చు. కనుక ఎవరినైనా మళ్లీ చెల్లించమని అడిగే ముందు మీ బ్యాంకు వివరాలు చూసుకోండి.

ఇది పరికరం చెడిపోవడం వల్ల వచ్చిన సమస్య. బయటివారు ఎవరైనా మీ సమాచారాన్ని చూసినట్టు ఇప్పటివరకు ఎలాంటి ఆధారమూ కనిపించలేదు. పాస్‌వర్డ్ మార్చుకోవలసిన అవసరం లేదు. ఈ అంతరాయం పేరుతో ఎవరైనా ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగితే వారు మా సిబ్బంది కారు.

ఆ 11 నిమిషాల్లో ఏయే ఖాతాల్లో పని జరిగిందో విడిగా ఉండే రాకపోకల చిట్టాలో నమోదైంది. బిల్లులోని వివరాలు గానీ మొత్తాలు గానీ అందులో ఉండవు. ఏ సమయానికి ఏ ఖాతాలో బిల్లు తయారైందో, మారిందో మాత్రం తెలుస్తుంది. దాని ఆధారంగా, ప్రభావం పడే అవకాశమున్న ప్రతి ఖాతాదారుకూ సాయంత్రం 6 గంటలలోపు విడిగా ఈమెయిల్ పంపుతాం. ఆ ఈమెయిల్ రానివారు తమ నమోదులను మళ్లీ పరిశీలించుకోనక్కర్లేదు. వచ్చినవారు పోయిన బిల్లులను తిరిగి నమోదు చేసుకునేటప్పుడు పాత సంఖ్యలనే వాడుకునే వీలు కల్పిస్తాం.

తదుపరి సమాచారం మధ్యాహ్నం 2:15 గంటలకు ఇదే పేజీలో ఉంటుంది. డిస్క్ నుంచి ఎంత దొరికిందో, ఏమీ దొరక్కపోతే ఆ సంగతినీ అందులో తెలియజేస్తాం.